పాత సినిమా నెంబరు

ఆ నెంబరు ఇచ్చింది నేనే. జనరేటర్ల బిల్లుల మీద మా కంపెనీ జీఎస్టీ నెంబరు తప్పు పడింది నా వల్ల. ఈ మాట చెప్పాల్సిన చోట, చెప్పాల్సిన మనుషుల ముందు నిలబడి, "నాకు గుర్తు లేదు" అన్నాను. గుర్తుంది. అప్పుడూ గుర్తుంది, ఇప్పుడూ గుర్తుంది.

తర్వాత ఆఫీసులో ఈ సంగతి చాలాసార్లు కబుర్లలోకి వచ్చింది. టీ తాగుతూ ఎవరో ఒకరు ఎత్తేవారు. ప్రతిసారీ తప్పు బిల్లులు రాసే ఆవిడదే, గండం గట్టెక్కించింది మాత్రం నేను. పక్కన కూర్చుని విన్నాను. ఒకసారి నవ్వాను కూడా. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా నిర్మాణ ఆఫీసులో లెక్కలు చూడటం నా పని. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గేటు మీద బ్యానర్ పేరు ఎప్పుడూ ఒకటే. ఆ పేరు వెనక మాత్రం సినిమాకో కొత్త కంపెనీ పుడుతుంది. ఒక్కో సినిమాకు డబ్బు పెట్టేవాళ్ళు వేరు, ఒక సినిమా నష్టం ఇంకో సినిమాకు అంటుకోకూడదన్న జాగ్రత్త ఒకటి. కంపెనీ మారితే పాన్ మారుతుంది, దానితో జీఎస్టీ నెంబరూ మారుతుంది. లైట్లు, కెమెరాలు, జనరేటర్లు అద్దెకిచ్చేవాళ్ళకు ఇవేవీ కనబడవు. వాళ్ళకు మేం బ్యానర్ పేరు, గేటు దగ్గర కుక్కను కట్టేసే ఆఫీసు, అంతే.

మా నిర్మాతది కృష్ణా జిల్లా. మంచివాడే, కానీ తొందర మనిషి. మాట పెగలక ముందే చెయ్యి ఊగుతుంది. అంతకుముందు సినిమా ఆయన ఒక భాగస్వామితో కలిసి తీశాడు. సినిమా బాగానే ఆడింది, స్నేహం ఆడలేదు. పంపకాల్లో ఆ సినిమా కంపెనీ, దాని హక్కులతో సహా, జూబ్లీహిల్స్‌లో ఉండే ఆ భాగస్వామికి వెళ్ళింది. బ్యానరూ, ఆఫీసూ మా నిర్మాతకు మిగిలాయి. ఆఫీసు గోడకు పాత కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉండేది. వ్యాపారం చేసే చోట అది కనబడేలా పెట్టాలన్నది రూలు. కంపెనీ వెళ్ళిపోయినా ఫ్రేము మాత్రం మేకుకు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. తీసెయ్యమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు.

కొత్త సినిమాకు ముహూర్తం కుదిరింది. కొత్త కంపెనీకి జీఎస్టీ నెంబరు ఇంకా రాలేదు. దరఖాస్తు పెట్టాం, ఆఫీసు అద్దె కాగితాల మీద ఏదో అడిగారు, జవాబిచ్చాం, ఎదురుచూస్తున్నాం. పంతులుగారు చెప్పిన ముహూర్తం మాత్రం దరఖాస్తు కోసం ఆగదు. పూజ ముందు వారం నుంచే బుకింగులు మొదలయ్యాయి. అప్పుడే జనరేటర్లు అద్దెకిచ్చే ఆయన తరఫున, బిల్లులు రాసే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది.

ఆవిడ గురించి చెప్పాలి. ఉండేది కృష్ణానగర్‌లో. ఒకప్పుడు డాన్స్ గ్రూపుల్లో చేసేదట. మోకాలు దెబ్బతిన్నాక కంప్యూటర్ నేర్చుకుని, పరికరాలు అద్దెకిచ్చే ఇద్దరు ముగ్గురు యజమానులకు బిల్లులు రాసి, నెలనెలా రిటర్నులు వేసేది. అందులో పెద్దది షేక్‌పేటలోని జనరేటర్ల వ్యాపారం. మిగతావన్నీ ఆ యజమాని చెబితే వచ్చినవే.

"సార్, పార్టీ పేరు, జీఎస్టీ నెంబర్ రాసియ్యండ్రి. కంప్యూటర్ల ఖాతా తెరవాలె," అంది.

నేను ఫోనులో ఉన్నాను. గోడ వైపు చెయ్యి చూపించాను. ఆవిడ ఫోను తీసి ఆ ఫ్రేమును ఫొటో తీసుకుంది. ఫోను పెట్టేశాక, "ఇది పాత సినిమాదమ్మా, కొత్త నెంబరు రాగానే చెబుతాను. ప్రస్తుతానికి ఖాతా తెరుచుకోండి," అన్నాను. సరేనని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు కొత్త నెంబరు వచ్చింది. కొత్త సర్టిఫికెట్ గోడకెక్కింది. కెమెరావాళ్ళకు చెప్పాను, నటులు కూర్చునే కారవాన్లవాళ్ళకు చెప్పాను, హోటలుకు చెప్పాను. ఆవిడకు చెప్పడం మరిచాను. ఇది కూడా పెద్ద తప్పు కాకపోయేది. ఎందుకంటే మొదటి బిల్లు రాసే ముందు ఆవిడే ఫోన్ చేసింది.

ఆ రోజు స్టూడియోలో పాట షూటింగు. డాన్సర్ల భత్యాల దగ్గర గొడవ. నా చుట్టూ మనుషులు, మెడకూ భుజానికీ మధ్య ఫోను.

"సార్, మొదటి బిల్లు కొడ్తున్న. నెంబర్ మారిందా? గా గోడ మీద దానికే పెట్టాల్నా?"

"అదే పెట్టెయ్యండమ్మా, తర్వాత చూద్దాం."

అలా అన్నాను. ఎవరు ఫోన్ చేశారో తెలుసు, ఏం అడిగిందో వినబడింది. ఆ క్షణానికి ఆవిడ ఫోన్ పెట్టేస్తే చాలనిపించింది. ఆ "తర్వాత" మళ్ళీ రాలేదు.

షూటింగు సాగినన్నాళ్ళూ బిల్లులు వచ్చాయి. పైన మా బ్యానర్ పేరు, చిరునామా సరిగ్గా ఉన్నాయి. పాత కంపెనీ కూడా వ్యాపారం చేసింది మా బ్యానర్ పేరు మీదే కాబట్టి, ఆవిడ ఆ నెంబరు కొట్టినప్పుడు జీఎస్టీ పోర్టల్లో కూడా మా పేరే వచ్చి ఉంటుంది. అనుమానం రావడానికి ఏమీ లేదు. బిల్లు చేతికి రాగానే మా నెంబరు ఉందో లేదో చూసుకోవాల్సింది నేను. పేరు చూసి, టిక్కు పెట్టి, ఫైల్లో పెట్టేశాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జనరేటర్ల అద్దె మీద మేం పన్ను కడతాం. తర్వాత సినిమా హక్కులు అమ్మినప్పుడు మేం ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోవచ్చు. దాన్ని క్రెడిట్ అంటారు. అయితే అద్దెకిచ్చినాయన తన రిటర్నులో ఆ బిల్లును మా నెంబరు మీద చూపించాలి. చూపిస్తే, నెలనెలా మాకు తయారయ్యే టూబీ అనే పట్టికలో అది కనబడుతుంది. అందులో లేకపోతే, బిల్లు చేతిలో ఉన్నా, డబ్బు ఇచ్చేసినా, క్రెడిట్ తీసుకోవడానికి లేదు.

జనరేటర్ల బిల్లులు మా టూబీలో కనబడలేదు. రిటర్ను ఆలస్యంగా వేస్తున్నారేమో అనుకున్నాను. మరుసటి నెలా లేవు. అడుగుదాంలే అనుకున్నాను. షూటింగు ముగిసింది, డబ్బింగు మొదలైంది, మార్చి వెళ్ళిపోయింది. సినిమా విడుదలై, హక్కుల డబ్బు వచ్చి, పన్ను లెక్క వేసే వేళకు మా ఆడిటరు ఆ బిల్లులన్నీ ఒక పక్కకు తీసి నా ముందు పెట్టాడు.

"ఇవి మీ నెంబరు మీద లేవు. పైన చూడండి, ఎవరి నెంబరో."

చూశాను. నెంబరు చదవకముందే తెలిసిపోయింది. గోడ, ఫ్రేము, మెడకింద ఫోను, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

ఆడిటరు చెబుతూ పోతున్నాడు. ఆ బిల్లులు నెలనెలా పాత కంపెనీ ఖాతాలో పడ్డాయి. అక్కడెవరూ తిరస్కరించలేదు, ఏమీ చెయ్యకపోతే అంగీకరించినట్టే లెక్క. ఇప్పుడు దారి ఒక్కటే. జనరేటర్ల యజమాని తన రిటర్నులో ఆ బిల్లుల మీది నెంబరును సవరించాలి. పోయిన ఆర్థిక సంవత్సరం బిల్లులు కాబట్టి నవంబరు ముప్పై దాటితే తలుపు మూసుకుపోతుంది. అసలు అంతవరకూ కూడా లేదు. అక్టోబరు నెల రిటర్ను ఆయన నవంబరు మొదట్లో వేసేస్తాడు. సవరణ అందులో వెళ్ళకపోతే, తర్వాతి రిటర్ను డిసెంబరుకు గానీ రాదు.

అప్పటికే అక్టోబరు చివరికి వచ్చాం.

నిర్మాత గదిలోకి ఆడిటరుతో కలిసి వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాట కూర్చుకున్నాను. లోపలికి వెళ్ళాక ఆడిటరు బిల్లులు టేబుల్ మీద పరిచాడు. పాత భాగస్వామి కంపెనీ పేరు వినగానే నిర్మాత కుర్చీలోంచి లేచాడు.

"అంటే ఏంటండీ? నేను కట్టిన పన్ను ఆయన ఖాతాలోకెళ్ళి కూర్చుందా?"

"అలాగే జరిగింది సార్."

"ఎలా జరుగుద్దండీ అలా? ఒక బిల్లా, రెండా? అన్నీనా? అన్నీ పొరపాటున పోతాయా? ఆ జనరేటర్లాయన ఆయన మనిషేనండి. ఆయన సినిమాలకు కూడా బళ్ళు వేస్తాడు. ఇద్దరూ కలిసి ఆడుతున్నారు మనతో."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను. "బిల్లు రాసేవాళ్ళు పాత నెంబరు పెట్టారండి," అన్నాను. అబద్ధం కాదు. నిజంలో ముక్క. ఆ ముక్క చాలు, మిగతాది ఆయన కోపం పూరించుకుంది.

"వెళ్ళండి. రేపటిలోగా సరిచెయ్యకపోతే ఇంకెప్పుడూ ఈ గేటు లోపలికి ఆయన బండి రాదని చెప్పండి. ఆయనకే కాదు, ఆయన తమ్ముడికి కూడా చెప్పండి."

ఆయనకు తమ్ముడు లేడు. ఆ సంగతి చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే షేక్‌పేటకు బయల్దేరాను. ఫ్లైఓవరు దిగి, పాత ఊళ్ళోకి తిరిగే సందు పక్కనే ఆయన షెడ్డు. డీజిలు వాసన, వరసగా నిలబెట్టిన జనరేటరు లారీలు, ఒక లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తున్న మెకానిక్కు. యజమాని ముక్కాలిపీట మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పక్కన కారవాన్లు అద్దెకిచ్చే ఇంకొకాయన. వార్త నాకంటే ముందే చేరిందని నన్ను చూసిన చూపులోనే తెలిసింది.

"రా అన్నా, రా. దొంగల ఇంటికొచ్చినవ్, జర పైలం. పర్సు లోపల పెట్టుకో," అన్నాడు.

"అదేం మాటండీ."

"మాట నాది గాదు, మీ సారుది. రాత్రి ఫోన్ల నన్ను ఎవని మనిషివని అడిగిండు. నేను నా పెండ్లానికే మనిషిని గానని ఆమె అంటది, ఇంకెవని మనిషినైత?" కారవాన్లాయన నవ్వాడు. యజమాని నవ్వలేదు. "ఎన్నేండ్ల సంది మీ షూటింగులకు బండ్లు పంపుతున్న. వానల, చలిల, ఎప్పుడన్న కరెంటు పోయిందా నీ సెట్ల? చెప్పు."

"పోలేదండీ. ఆయనకు కోపం ఎక్కువ, మీకు తెలుసు కదా. నెంబరు మారిస్తే అయిపోతుంది. మీకు పైసా ఖర్చు ఉండదు, పన్ను మీరెప్పుడో కట్టేశారు."

"మారుస్త. మార్చనంటున్ననా? కాని గా నెంబరు ఎట్లొచ్చిందో నాకు తెల్వాలె ముందు." లోపలికి తిరిగి కేకేశాడు. "అమ్మా, ఒక్కపారి ఇటు రా."

ఆవిడ వచ్చింది. చేతిలో పెన్ను అలాగే ఉంది. నన్ను చూసి నమస్తే పెట్టింది. యజమాని బిల్లు చూపించాడు. ఆవిడ తొణకలేదు.

"సారే చెప్పిండు గదా. మొదట ఆఫీసుల గోడ మీదిది ఫొటో తీసుకొమ్మన్నడు. మల్ల బిల్లు కొట్టేముందు ఫోన్ చేసి అడిగిన, మారిందా అని. అదే పెట్టెయ్యమన్నడు." నా వైపు తిరిగింది. "గుర్తు చేస్కోండ్రి సార్. షూటింగుల ఉన్నరు మీరు. వెనక పాట మోగుతుండె."

యజమాని నా మొహంలోకి చూశాడు. "నిజమేనా అన్నా?"

లారీ కింద స్పానరు చప్పుడు ఆగింది. నాకు మా నిర్మాత మొహం కనబడింది. ఆయన చెయ్యి తలుపు వైపు ఊగడం కనబడింది. ఈ వయసులో ఇంకో ఆఫీసు మెట్లెక్కి పని అడగడం కనబడింది. ఆ ఫోను సంగతి ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదన్న లెక్క కూడా వేసుకున్నాను. సిగ్గు లేకుండా, నిలువునా, ఆ లెక్క వేసుకున్నాను.

"నాకు గుర్తు లేదండీ," అన్నాను.

ఆవిడ పెన్నుకు మూత పెట్టింది. యజమాని చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆఫీసోళ్ళు గుర్తు లేదంటే మనం ఏం జేస్తం. నువ్వన్న కాయితం మీద రాయించుకోవాల్సుండె అమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. "నా పేరు ఖరాబయింది. ఇగ నువ్వు రాకు."

కారవాన్లాయన అక్కడే ఉన్నాడు. అన్నీ విన్నాడు. ఆవిడ ఆయనకూ బిల్లులు రాసేది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలచుకుంటే ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే బయటికి పోవాలనిపించేది. ఫిల్మ్ నగర్ ఎత్తు రోడ్డు మీద కారణం లేకుండా ఎక్కి దిగేవాణ్ణి. జనరేటర్ల యజమాని తన పని ఒక కన్సల్టెంటుకు అప్పగించాడు. ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. తెలివైన కుర్రాడిలా కనబడ్డాడు, కానీ నా మొహం చూసి ఏదో అనుమానించినట్టున్నాడు.

"సార్, ఒక బిల్లును ఒక్కసారే సవరించనిస్తది సైటు. మల్ల తప్పు పడితే ఏం జేయలేం. నెంబర్ మీరే జూసి చెప్పండి," అన్నాడు.

కొత్త సర్టిఫికెట్ కాపీ ఇచ్చాను. అక్షరం అక్షరం చదివాను. ఆయన కొట్టాడు. మళ్ళీ చదివాను. పాత బిల్లు నెంబరు, తేదీ పెట్టి, దాని పక్కన కొనుగోలుదారు నెంబరు మార్చి, ఒక్కొక్కటే దాటించాం. ఇంత జాగ్రత్త నేను ఆ రోజు ఫోనులో ఒక్క క్షణం చూపించి ఉంటే చాలు. యజమాని ఫోనుకు ఓటీపీ వచ్చింది. ఆయన చెప్పాడు. రిటర్ను వెళ్ళిపోయింది.

అవతలివైపు పని ఆడిటరు చూసుకున్నాడు. పాత కంపెనీ ఆ క్రెడిట్‌ను తీసుకుంది గానీ వాడుకోలేదట, ఖాతాలో అలాగే ఉంది. వెనక్కి తీసేస్తే సరిపోతుంది, వడ్డీ పడదు. పాత భాగస్వామి ఆడిటరుతో ఒక మాట చెప్పి పంపాడు. "మీ సారుకు చెప్పండి, ఆయన డబ్బు నా ఇంట్లో పడుకుని లేచింది, పొద్దున కాఫీ కూడా ఇచ్చి పంపించాను." మా నిర్మాత ఆ మాటకు ఒక పూట అన్నం మానేశాడు.

టూబీ పద్నాలుగున తయారవుతుంది. ఆ పొద్దున ఇంట్లో కూడా కుదురుగా ఉండలేకపోయాను. మా ఆవిడ, "పరీక్ష ఫలితాలేమన్నా వస్తున్నాయా?" అంది. ఆఫీసుకెళ్ళి సైటు తెరిచాను. రాలేదు. మళ్ళీ తెరిచాను. పాస్‌వర్డు తప్పు కొట్టాను. మధ్యాహ్నానికి వచ్చింది. సవరించిన బిల్లుల పట్టికలో జనరేటర్లవి వరసగా ఉన్నాయి, మా నెంబరు మీద. ఒక్కటీ తప్పలేదు. ఆ నెల రిటర్నులో క్రెడిట్ తీసుకున్నాం.

నిర్మాత నా భుజం తట్టాడు. "బతికించారండీ. మీరు వెంటపడకపోతే పోయేదే," అన్నాడు. ఆఫీసులో అందరికీ పూతరేకులు తెప్పించాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. చేతిలో పొడి పొడి అయిపోయింది. జనరేటర్ల యజమానికి ఫోన్ చేసి, పాత సంగతి మరిచిపొమ్మని, తర్వాతి సినిమా ఆయనదేనని కూడా చెప్పాడు. అంతా సర్దుకుంది. ఒక్క మనిషి తప్ప.

ఆ మనిషి సంగతి నాకు కారవాన్లాయన ద్వారా తెలిసింది. ఏదో బిల్లు విషయంలో వచ్చాడు. మాటల్లో, "బిల్లులు ఇప్పుడెవరు రాస్తున్నారండీ?" అని అడిగాను.

"కొత్తోన్ని పెట్టిన. ఆమెను బంద్ జేసిన గద. నెంబర్లు తప్పు పెడ్తది, మల్ల ఆఫీసోళ్ళ మీద తోస్తది. గిదంతా మా అద్దెలోళ్ళ వాట్సాప్ గ్రూపుల అందరికీ ఎరుకే. ఇగ ఎవడు పెట్టుకుంటడు ఆమెను?"

"ఎరుకే" అన్న మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. అది నా మాట. నేను ఆ షెడ్డులో అన్న రెండు ముక్కలే కాళ్ళొచ్చి ఊరంతా తిరుగుతున్నాయి.

అయినా వెంటనే వెళ్ళలేదు. ఇది కూడా చెప్పాలి. సినిమా పనులు ఉన్నాయని చెప్పుకున్నాను. ఆవిడకు ఇంకెక్కడో దొరికి ఉంటుందని చెప్పుకున్నాను. ఒక సాయంత్రం కృష్ణానగర్ వైపు నడిచి, మెయిన్ రోడ్డు దగ్గరే ఆగి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. మరోసారి వెళ్ళాను. అప్పుడు కనబడింది. సందు మొదట్లో కర్రీ పాయింటు. స్టీలు గిన్నెల వెనక ఆవిడ నిలబడి కవర్లలో పప్పు కడుతోంది. ముందు జూనియర్ ఆర్టిస్టులు, బైకుల మీద వచ్చిన కుర్రాళ్ళు.

నా వంతు వచ్చింది. తలెత్తి చూసింది.

"ఏం కూర గావాలె సార్? నోటితో చెప్పితే సరిపోతదా, కాయితం మీద రాసిస్తరా?"

నా వెనకాల ఉన్న కుర్రాడు నవ్వాడు. వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"అమ్మా, ఆ ఫోను నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది. తప్పయిపోయింది," అన్నాను.

ఆవిడ కవరుకు రబ్బరు బ్యాండు చుట్టి, నా వెనకాయనకు అందించి, డబ్బు తీసుకుని, చిల్లర ఇచ్చింది. అప్పుడు నా వైపు చూసింది.

"గిది నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు తెల్వదా? నేనే గద ఫోన్ చేసింది. తెల్వంది గా జనరేటర్లాయనకు. తెల్వంది గా గ్రూపులోళ్ళకు." గరిటె గిన్నెలో పెట్టింది. "ఇక్కడ చీకట్ల చెవిల చెప్పిపోతే మీకు నిద్ర వడ్తది. నాకు పని రాదు. జరుగుండ్రి, జనం నిలవడ్డరు."

పక్కకు జరిగాను. ఏమీ కొనకుండానే వచ్చేశాను. దారంతా ఆవిడ మాటే. నిజమే, నేను వెళ్ళింది నా నిద్ర కోసం.

మర్నాడు నిర్మాత గదికి వెళ్ళి తలుపు వేశాను. ఆయన ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. పెట్టేశాక చెప్పాను. గోడ సంగతి, ఫోను సంగతి, షెడ్డులో "గుర్తు లేదు" అన్న సంగతి. ఆయన అరుస్తాడని ఎదురుచూశాను. అరవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"మరి నేను ఆయన్ని దొంగన్నాను కదండీ," అన్నాడు.

"అవునండి."

"మీరు ఎదురుగా నిలబడే ఉన్నారు కదా."

"ఉన్నానండి."

"నెంబరు తప్పు చెప్పినందుకు నేనేమీ అనేవాణ్ణి కాదు. సరే, అనేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. అన్నాక మధ్యాహ్నానికి మరిచిపోయేవాణ్ణి. మనిషి మీద అనుమానం పెట్టించారు చూడండి, అది మరవటం కష్టం." కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "మీ ఉద్యోగం గురించి నేను తర్వాత ఆలోచిస్తాను. ముందు అక్కడికి వెళ్ళండి. నేను కూడా ఆయనకు ఫోన్ చేసి నా వంతు చెప్పుకుంటాను."

షేక్‌పేటకు వెళ్ళేముందు జనరేటర్ల యజమానికి ఫోన్ చేసి, ఆవిడనూ కారవాన్లాయననూ పిలిపించమని అడిగాను. ఎందుకని అడిగితే వచ్చి చెబుతానన్నాను. నేను వెళ్ళేసరికి వాళ్ళిద్దరితో పాటు మరో ఇద్దరు అద్దె యజమానులు కూడా ఉన్నారు. డ్రైవర్లు బండ్ల దగ్గర నిలబడ్డారు. ఆవిడ అందరికంటే వెనక, గేటు పక్కన నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఏందన్నా, మల్లా ఏం నెంబరు దప్పింది?" అన్నాడు యజమాని.

"ఇప్పుడైనా నన్ను సరిగ్గా చెప్పనివ్వండి," అన్నాను. ముందు యజమాని వైపు తిరిగాను. "బిల్లుల్లో పాత నెంబరు పెట్టమన్నది నేను. ఆవిడ ఫోన్ చేసి మరీ అడిగారు. ఆ రోజు మీరు నిజమేనా అని అడిగితే, ఉద్యోగం పోతుందని భయపడి గుర్తు లేదన్నాను. మా సార్‌కూ నిజం చెప్పలేదు. మీ మీద పడ్డ నింద నా వల్ల పడింది."

కారవాన్లాయన నేల చూశాడు. నేను గేటు వైపు నడిచి ఆవిడ ముందు నిలబడ్డాను. చేతులు జోడించాను.

"అమ్మా, మీ పనిలో తప్పేమీ లేదు. అడగాల్సింది అడిగారు, నేను చెప్పిందే రాశారు. ఇక్కడే, వీళ్ళ ముందే మిమ్మల్ని అబద్ధాలకోరును చేశాను. అబద్ధం చెప్పింది నేను. నన్ను క్షమించండి."